మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పొయ్యొద్దు

అన్నలూ, మొన్న సంక్రాంతికి అరిసెలు వండుతుంటే ఫోనొచ్చిందని మా ఆవిడ వాకిట్లోకి వెళ్లింది. పొయ్యి మీద నూనె కాగి కాగి, ముందు పొగలు కక్కి, ఆనక భగ్గున అంటుకుంది. కంగారులో నేను చెంబెడు నీళ్లు ముంచేశా. మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

నీళ్లు నూనె కంటే బరువు. అడుక్కి దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెని పైకి చిమ్మేస్తాయి. మంట కప్పుకి తగులుద్ది, పక్కనున్న మనిషి కాలిపోతాడు.

అమ్మ గ్యాస్ కట్టేసి, మూకుడు కంటే పెద్ద ఇనప మూతని అడ్డంగా పట్టుకుని, తన వైపు నుంచి అవతలికి జరుపుతూ కప్పేసింది. గాలి అందక మంట చచ్చిపోయింది. వెంటనే మూత తియ్యబోతే గట్టిగా అరిచింది. నూనె చల్లారకముందే గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుందంట. పూర్తిగా చల్లారేదాకా అలాగే వదిలేశాం.

మండే మూకుడు బయటికి మోసుకెళ్లొద్దు, తొణికితే ఒళ్లంతా నూనే. గ్యాస్ మీట మంట అవతల ఉంటే ముందు మూత పెట్టండి. మంట మూతకి లొంగకపోతే అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చెయ్యండి. అసలు నూనె పొగ మొదలవ్వగానే పొయ్యి కట్టేస్తే ఇంత దాకా రాదు.