నేల లేని ఇంట చెట్టు: ‘బోన్సాయ్ బ్రతుకు’లో నగర కుటుంబం

తెలుగు కథలో నగర జీవితం ప్రవేశించినపుడు దానితోపాటు అద్దె ఇల్లు, ఇరుకు గది, ఉద్యోగం చేసే ఇల్లాలు కూడ ప్రవేశించినవి. ఈ మార్పును ఎట్టి ఆర్భాటమూ లేకుండ చిత్రించిన కథలలో అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’ ముఖ్యమైనది. 1970ల నాటి ఈ కథను వ్రాసిన రచయిత్రి రాజమండ్రిలో జన్మించి, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేశారు. 2005లో ‘తన మార్గం’ కథాసంపుటికి సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు.

కథలో జరిగేది స్వల్పం. పల్లెలో కాపురముంటున్న అక్కయ్య, బావగారితో కలిసి నగరంలోని చెల్లెలి ఇంటికి వస్తుంది. అక్క చదువును తండ్రి చిన్నతనంలోనే మాన్పించాడు. చెల్లెలు చదువుకొని ఉద్యోగస్థురాలైనది. చెల్లెలి బ్రతుకే సుఖమని అక్క భావన. ఇంటిపనికి ఉద్యోగభారం తోడయినదని చెల్లెలి అనుభవం. ఒకే ఇంట పుట్టిన ఇద్దరు ఒకరి జీవితాన్ని మరొకరు దూరపుకొండలవలె చూచుకొనుట ఈ కథకు పునాది.

చెల్లెలు కుండీలలో తురాయిని, దానిమ్మను బోన్సాయ్ పద్ధతిలో పెంచుతున్నది. పెద్ద వృక్షాలు కావలసినవాటిని కుండీలో పెట్టితివేమని అక్క ఆశ్చర్యపడుతుంది. వేళ్లు కత్తిరిస్తూ, కొమ్మలు తుంచుతూ, అదనుకు మన్ను మారుస్తూ ఉంటేనే ఆ చెట్టు మరుగుజ్జుగా నిలుస్తుంది. చెట్టు గుణం మారదు. ఎదుగుదలకు హద్దు ఏర్పడుతుంది. ఇంతలో గాలిదుమారం లేస్తుంది. కుండీలను లోపలికి తేవలసి వస్తుంది. వీధిలోని తురాయి మాత్రం గాలికి ఓర్చుకొని, తన నీడకు చేరినవారికి ఆశ్రయమిస్తుంది. ఆడపిల్ల పెంపకం బోన్సాయ్ వంటిదని అక్క గ్రహించేది ఇక్కడనే.

ఈ పోలికను స్త్రీ జీవితానికంతటికీ అన్వయించడం పరిపాటి. అయితే ఆ మాట ఎవరి నోట వచ్చినదో గమనించాలి. చదువుకున్న చెల్లెలు కాదు, చదువు దక్కని అక్క ఆ సత్యాన్ని చూడగలిగినది. కత్తెర పట్టి చెట్టును మురిపెంగా కురచ చేసినది స్వేచ్ఛ కొంత ఎరిగిన చెల్లెలే. అదుపు తండ్రి చేతినుండి మాయం కాలేదు. అందమనే పేరుతో నగరపు ఇంటిలోనికి వచ్చి చేరినది. కథలోని చురుకు ఇదే. రచయిత్రి చెల్లెలిని నిందించదు. పని ఆమె చేతనే చేయించి, అర్థాన్ని అక్కచేత చెప్పించి ఊరుకుంటుంది.

కథకు పరిమితి లేకపోలేదు. ఇది నెలజీతపు కుటుంబపు కథ. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తరలిపోయిన తెలంగాణ నేతకుటుంబాల స్త్రీకి కుండీలో చెట్టును ముచ్చటగా పెంచుకొనే తీరిక ఎక్కడిది? ఆమె నగరం ఈ కథకు వెలుపల ఉన్నది. అయినా చదువు, జీతం లభించిన తరువాత కూడ ఎదుగుదలకు హద్దు గీసే చేయి ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆమె గుమ్మం వరకూ పోతుంది.