మూడు తరగతులు, ఒకే హాలు

పరీక్ష హాల్లో సగం కాపలా ముందు రోజు సాయంత్రమే అయిపోవాలని నేను గట్టిగా నమ్ముతాను. సీటింగ్ ప్లాన్ బాగా కుదిరితే మర్నాడు ఏ టీచరూ పిల్లల్ని అనుమానంగా చూస్తూ తిరగక్కర్లేదు. పక్కవాడి కాగితంలో తనకు పనికొచ్చేదేమీ లేకపోతే పిల్లవాడి చూపు దానంతటదే తన కాగితం మీద నిలుస్తుంది.

అర్ధసంవత్సర పరీక్షలకు మా హాల్లో నడవలు వదిలి వేస్తే ఎనిమిది నిలువు వరసలు, వరసకు పన్నెండు డెస్కులు పడతాయి. మొత్తం 96. ఎనిమిదో తరగతి పిల్లలు 36 మంది, తొమ్మిది 36, పది 24. మొదటి వరసలో ఎనిమిది, రెండో వరసలో తొమ్మిది, మూడో వరసలో పది, మళ్ళీ ఎనిమిది, తొమ్మిది, పది, చివర ఎనిమిది, తొమ్మిది. ఇలా వేస్తే ఎనిమిదికి మూడు వరసలు, తొమ్మిదికి మూడు, పదికి రెండు సరిగ్గా సరిపోతాయి. ఏ పిల్లవాడికీ కుడి ఎడమల్లోనూ, మూలగానూ తన తరగతివాడు తగలడు. రెండే తరగతులున్నా నిలువు వరసలుగా వేస్తే ఈ సుఖం ఉంటుంది. చదరంగం గళ్ళలా వేస్తే మాత్రం పక్కవాణ్ణి, ముందువాణ్ణి మార్చగలం కానీ మూలన ఉన్నవాడు సొంత తరగతివాడే అవుతాడు. నిజానికి మూల నుంచే కాగితం బాగా కనిపిస్తుంది. ముందువాడి కాగితానికి వాడి వీపే అడ్డు.

ఆ ముందు వెనకల సంగతే మా ప్లానులో మిగిలిపోయిన లోపం. అడ్డు వరసకు ఒక్కో డెస్కు జరుపుతూ తరగతుల్ని అల్లితే అదీ పోతుందని ఏటా ఎవరో ఒకరు సూచిస్తారు. మంచి ఆలోచనే కానీ ఆ అల్లిక కుదరాలంటే ప్రతి తరగతిలోనూ 32 మంది ఉండాలి. పైగా అప్పుడు ఒక పక్క మూలన మళ్ళీ సొంత తరగతివాడే వస్తాడు. చుట్టూ ఎనిమిది వైపులా వేరేవాళ్ళే ఉండాలంటే నాలుగు తరగతులు కావాలి. పేపర్లు పంచడం ఇంకో చిక్కు. నిలువు వరసంతా ఒకే తరగతైతే ఒకే కట్ట పట్టుకుని ముందు నుంచి వెనక్కి నడుస్తూ ఇచ్చేస్తాం. డెస్కు డెస్కుకూ పేపరు మారితే ఎవరో ఒకరికి వేరే తరగతిది వెళ్తుంది. భయస్తుడైన పిల్లవాడు అది తనది కాదని చెప్పడానికి పది నిమిషాలు తీసుకుంటాడు. అందుకని నేను నిలువు వరసల్నే ఉంచి, డెస్కుల మధ్య దూరం పెంచి, బిట్ పేపర్లో ప్రశ్నల వరస మార్చి రెండు రకాలుగా అచ్చువేయించమంటాను. ఇన్విజిలేటర్లలో ఒకరు ఎప్పుడూ హాలు వెనక నిలబడాలి. మెడ సాచేవాడు వెనక నుంచే తెలుస్తాడు.

ఇన్విజిలేటర్లకిచ్చే సూచనల కాగితం ఒక పేజీ దాటకూడదు, దాటితే చదవరు. అందులో నేను గీత గీసి రాసేవి కొన్నే. రానివాడి డెస్కు ఖాళీగానే ఉండాలి, వెనకవాళ్ళను ముందుకు జరపకూడదు. డెస్కు మీద అంటించిన నంబరూ జవాబు పత్రం మీది నంబరూ ఒకటేనని చూశాకే సంతకం పెట్టాలి. ప్రశ్నలో అచ్చుతప్పు దొరికితే గట్టిగా చెప్పకూడదు. తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లో 6 బదులు 9 పడిందని అరిస్తే మిగతా 60 మంది తలలెత్తి తమ పేపర్లో వెతుకుతారు. తరగతి పేరు, ప్రశ్న నంబరు, సవరణ బోర్డు మీద రాసి, ఆ మూడు వరసల వెంటా నడిచి వేలితో చూపిస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి గంట తర్వాతి అయిదు నిమిషాలు. లెక్క తేలేదాకా ఒక్కరూ లేవకూడదు. పత్రాలు వరసవారీగా తీసుకుని, ఏ వరస కట్ట ఆ వరసగానే ఉంచాలి. ఎనిమిదో తరగతిలో ఇద్దరు రాలేదనుకుందాం. 34 రావాలి, 33 వచ్చాయి. కట్టలన్నీ కలిపేసి ఉంటే 34 మందినీ అడగాలి. విడిగా ఉంటే హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూడొచ్చు: మొదటి వరసలో 12కి 12, నాలుగో వరసలో ఒకరు రాలేదు కాబట్టి 11కి 11, ఏడో వరసలో 11 రావాల్సింది 10 వచ్చాయి. ఇక వెతకాల్సింది ఆ ఒక్క వరసే. మొదట చూడాల్సింది డెస్కు మీద మడిచిపెట్టిన ప్రశ్నపత్రాలు. చాలాసార్లు జవాబు పత్రం దాని మడతలోనే ఉంటుంది. దారం కట్టని అడిషనల్ షీటు కూడా అక్కడే దొరుకుతుంది. పిల్లలు గేటు దాటాక అయితే ఆ పత్రం దొరికినా దాన్ని దిద్దడానికి ఒప్పుకోలేం. మూడు గంటలు కూర్చుని రాసిన పిల్లకు ఆ మాట చెప్పాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు.