మా యాడి పొయ్యి దగ్గర చేసిన మార్పు

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ఏం తినాలని మన పిల్లలు నన్ను అడుగుతా ఉంటారు. ఒక్కొక్కరికి చెప్పేదానికన్నా మా ఇంట్లో జరిగింది జరిగినట్టు ఒకసారి రాస్తే మేలనిపించింది. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మాది ఆదోని, ఎమ్మిగనూరు మధ్యలో ఒక సుగాలి తాండా. 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాసి క్వాలిఫై అయినా. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. 400 మీటర్ల ట్రాక్‌లో నాలుగు రౌండ్లు, అంటే రౌండుకు రెండు నిమిషాలు. వినేదానికి సులువే. ఎల్‌ఎల్‌సీ కాలువ గట్టు మీద కొలిచి పరుగెత్తితే నాకు 8 నిమిషాల 50 సెకన్లు పట్టింది. మూడో రౌండుకే కాళ్లు రాయి మాదిరి అయిపోయేవి, కళ్లు తిరిగేవి.

అప్పుడు ఇంట్లో యాడి లేదు. మా పక్క తాండాల్లో జనవరి వస్తే సగం ఇళ్లకు తాళాలే కదా. యాడి, బా ఇద్దరూ గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి పోయినారు. ఇంట్లో నేను, చెల్లి, నానమ్మ. నాకు వచ్చిన వంట ఒక్కటే, రేషన్ బియ్యం అన్నం. దాంట్లోకి ఊరగాయో, బుడ్డల పొడో. పొద్దున టీ తాగి పరుగుకు పోయేవాణ్ని, వచ్చి మళ్లీ టీ. పది గంటలకు అన్నం. రాత్రి చదువుకుని పదింటికి కడుపు నిండా ఇంకోసారి అన్నం. శనివారం ఆదోనిలో గ్రౌండ్‌కు పోతే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నేను బాగానే తింటున్నా అనుకున్నా. కడుపైతే నిండుతాండె కదా!

ఉగాదికి వాళ్లు తిరిగొచ్చినారు. యాడి నన్ను చూసి ఏమీ అనలేదు. నా చొక్కా కాలర్ పట్టుకుని ఇటూ అటూ జరిపి చూసింది, అంతే. అప్పటికి ఈవెంట్స్ వాయిదా పడినాయి. ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలీదు.

ఆ ఎండాకాలం మా అక్క పురిటికి వచ్చింది. నర్సమ్మ ఇంటికొచ్చి అక్కకు ఐరన్ మాత్రలు ఇచ్చి, టీతో వేసుకోవద్దు, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, తాగితే ఐరన్ ఒంటికి పట్టదు, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి అని చెప్పి పోయింది. ఆ మాటలు అక్క కోసం చెప్పినవే. యాడి మాత్రం నన్ను పిలిచి, "నువ్వూ పోయి రక్తం చూపించుకో పోరా, కళ్లు తిరుగుతాండాయి అంటివి గదా" అనింది. మగపిల్లోడికి రక్తం తక్కువేంది అని నేను నవ్వినా. పీహెచ్‌సీలో చూపిస్తే హిమోగ్లోబిన్ 11.2. మగవాళ్లకు 13 పైన ఉండాలంట. రక్తంలో ఊపిరిని మోసేది అదే. అది తక్కువగా ఉంటే ఊపిరితిత్తులు ఎంత లాగినా కాళ్లకు చేరేది తక్కువ, అందుకే మూడో రౌండులో కాళ్లు బిగిసేది అని అక్కడి డాక్టర్ చెప్పినాడు. నాకు మాత్రలు, నులిపురుగుల మందు రాసిచ్చినాడు. అవి వేసుకున్నా. ఇది ముందే చెప్పేస్తున్నా, తిండి ఒక్కదానితోనే అంతా అయిపోయింది అంటే అబద్ధం అవుతుంది.

ఇంట్లో వంట ఎప్పుడు మారిందో తేదీ చెప్పలేను. యాడి ఎవరికీ చెప్పి మార్చలేదు. మొదట పోయింది అన్నంతో పాటు టీ. తిన్నాక టీ అడిగితే "పాలు లేవు", "పొయ్యి ఆరిపోయింది" అని ఏదో ఒకటి చెప్పి గంట తర్వాత పెట్టేది. తర్వాత రాత్రి అన్నం పోయి బాటి వచ్చింది, బాటి అంటే మా రొట్టె. జొన్నవి, ఒక్కోరోజు సజ్జవి. దాంతో పాటు గోంగూర పప్పో, మునగాకు వేసిన పెసరపప్పో. పక్కన నిమ్మకాయ ముక్క. రాత్రి తిండి ఏడున్నరకే అయిపోయేది. "నాకు నిద్రొస్తాంది, తొందరగా తినేయండి" అనేది. నిజంగానే నిద్రొస్తాంది అనుకున్నాం.

కారం తగ్గించింది. దానికి ఇంట్లో పెద్ద గొడవ. బా ఒకరోజు కంచం పక్కకు నెట్టి, ఈ చప్పిడి తిండి నాకొద్దు అన్నాడు. యాడి మారు మాట్లాడలేదు. మరుసటి రోజు నుంచి పప్పులో కారం తక్కువే, కానీ రోట్లో నూరిన పచ్చిమిరపకాయ కారం ఒక గిన్నెలో మధ్యలో పెట్టేది. కావలసినవాళ్లు వేసుకుంటారు. బా గొడవ ఆగిపోయింది. రాత్రి కారం, నూనె తగ్గినాక తెల్లవారుజామున పరుగులో నాకు గొంతు దాకా వచ్చే మంట పోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

పొద్దున సంగతి. పరుగుకు పోయే ముందు టీ బదులు ఒక అరటిపండు, లేకపోతే చిన్న బెల్లం ముక్క, నీళ్లు. అంతకన్నా ఎక్కువ పెట్టేది కాదు. పరుగు నుంచి వచ్చేసరికి గుప్పెడు నానబెట్టిన బుడ్డలు, మొలకెత్తిన పెసలు, ఒక గుడ్డు, చెంబుడు జొన్న అంబలి. అంబలికి రాత్రే పిండి నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున కాచి, మజ్జిగ, ఉల్లిపాయ వేసేది. గుడ్లు మా కోళ్లవే. అంతకుముందు వాటిని ఎమ్మిగనూరులో అమ్మేవాళ్లం. నాతో గ్రౌండ్‌కు వచ్చే ఒకడు మూడు వేలు పెట్టి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొన్నాడు. నాకూ కొనాలని ఆశ. లెక్క చూస్తే గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, గుప్పెడు బుడ్డల్లో ఇంకో 7 గ్రాములు. పెసలు, పప్పు, మజ్జిగ కలిపితే 50 కిలోల మనిషికి రోజుకు కావలసింది చాలా వరకు ఇంట్లోనే వస్తాంది. ఈ లెక్క నేను తర్వాత వేసింది. యాడి ఏ లెక్కా వేయలేదు.

తప్పులు కూడా జరిగినాయి. బలానికి మంచివని ఒక వారం ఉలవల మొలకలు పరుగుకు ముందే పెట్టింది. గట్టు మీద రెండో రౌండుకే కడుపు ఉబ్బి కూర్చుండిపోయినా. ఇంటికొచ్చి చెప్తే "అట్లనా" అనింది. ఆ తర్వాత ఉలవలు మధ్యాహ్నం చారులోకి మారిపోయినాయి. ఇంకోసారి తప్పు నాదే. ఆదోనిలో ట్రయల్ రోజు గంట ముందు బజ్జీలు తిన్నా. మూడో రౌండులో డొక్కలో పోటు, టైం 8:34. నేను ఇంట్లో చెప్పలేదు, ఎట్ల తెలిసిందో ఏమో. వచ్చే శనివారం డబ్బా కట్టిచ్చింది. లోపల ఉగ్గానినే! బొరుగులు నానబెట్టి, పిండి, పుట్నాల పొడి బాగా వేసి చేసింది. బజ్జీ మాత్రం లేదు. "పరుగెత్తినాక తిను. నీ ఫ్రెండుకు గూడా ఉండాది" అనింది. నీ కోసం పథ్యం అని ఒక్కసారీ అనలేదు. అట్ల అనింటే నేను తినేవాణ్ని కాదు, నాకు తెలుసు.

నాకొక్కడికే వేరే కుండ పెట్టలేదు. అందరికీ ఒకటే వంట. నానమ్మ మొదట్లో "పండగా పబ్బమా, రోజూ ఈ ఆకులేంది" అని సణిగేది. తర్వాత ఆమే గోంగూర తుంచి పెట్టేది.

2024 జనవరిలో మేస్త్రీ మిరపకాయల పనికి అడ్వాన్సు పట్టుకొని వచ్చినాడు. యాడి మోకాళ్లు నొస్తాండాయి, రాలేను అనింది. బా ఒక్కడే పోయినాడు. ఇద్దరూ పోతేనే ఆ రెండు మూడు నెలల్లో నాలుగు రూపాయలు మిగిలేది. ఆ ఏడు మిగల్లేదు. చెల్లి ఫీజుకు అప్పు చేసినాం. మోకాళ్లకు మందు రాయించుకో అని నేను విసుక్కున్నా కూడా. ఆమె ఏమీ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత పత్తి చేలో మా పిన్ని అనింది, "దానికి మోకాళ్ల నొప్పేందిరా, పోయిన ఏడు మేం లేకపోతే వాడు ఊరగాయతో బతికినాడు, ఈసారి వాడికి వండిపెట్టేది ఎవరు అని మాతో అనింది." ఆరోజు ఇంటికి పోయి యాడిని అడగాలనుకున్నా. ఆమె పెసలు తడిగుడ్డలో మూట కడతాండె. అడగలేకపోయినా.

ఈవెంట్స్ చివరికి 2024 డిసెంబర్ 30న మొదలైనాయి. నాది జనవరిలో, కర్నూలులో. ముందు రోజు చాలామంది బయట బిర్యానీ తిన్నారు, కొందరు ఎనర్జీ డ్రింకులు తాగినారు. యాడి కట్టిచ్చింది రెండు బాటీలు, పప్పు, పొద్దునకు అరటిపండు. రోజూ తినేదే. కొత్తది ఏదీ ఆరోజు తినొద్దు అని కోచ్‌లు చెప్తారు. మా ఇంట్లో ఆ మాట చెప్పేవాళ్లు లేరు, కట్టిచ్చేవాళ్లు ఉన్నారు.

ముందు కొలతలు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు కావాలి. నేను 169. నాతో రెండేళ్లు పరుగెత్తిన మా తాండా తమ్ముడు అక్కడే పోయినాడు, అర సెంటీమీటరు తక్కువ. నాకన్నా బాగా పరుగెత్తేవాడు. ఏజెన్సీ ప్రాంతాల ఎస్టీలకు ఎత్తులో సడలింపు ఉంది, మన కర్నూలు సుగాలీలకు వర్తించదు. ఇది తెలియక ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసేవాళ్లు ఉన్నారు. ముందు ఎత్తు సరిగ్గా కొలిపించుకోండి, దాన్ని ఏ తిండీ పెంచలేదు. ఛాతీ 86.3 ఉండాలి, గాలి పీలిస్తే 5 పెరగాలి. మొదట్లో నాది 84. ఆరోజు 87 దాటింది. దాంట్లో దండీలు, పుల్లప్స్ పని సగం.

1600 మీటర్లు 7 నిమిషాల 22 సెకన్లు. మూడో రౌండులో కాళ్లు బిగుస్తాయని కాచుకొని ఉన్నా. బిగుసుకోలేదు. లాంగ్ జంప్‌లో 3.80 దాటినా.

2025 జూన్ 1న మెయిన్స్ రాసినా. ఆగస్టు 1న ఫలితాలు. నా పేరు లేదు. చదువులో వెనకబడినా, అది నా తప్పే. ఆరోజు చీకటి పడేదాకా కాలువ దగ్గరే కూర్చున్నా. ఇంటికి పోతే ఎవరూ ఏమీ అడగలేదు. చెల్లి కాలేజీలో ఆ నెల రక్తపరీక్ష చేసినారంట, 12.4 వచ్చిందని కాగితం చూపించింది. పోయినసారి దానికి 9.8. అది ఏ పరుగూ పరుగెత్తలేదు, మా కుండలోదే తిన్నది.

పడుకునే ముందు చూస్తే యాడి గిన్నెలో బుడ్డలు నానబెడతాంది.

"ఇంకెందుకు యాడీ, మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో ఏమో" అన్నా.

"బుడ్డలు నానేదానికి నోటిఫికేషన్ రావాల్నా" అని నీళ్లు పోసి మూత పెట్టింది. పొద్దున నాలుగున్నరకు లేపింది.