అరకు లోయలో తొలి బ్యాటు: ఏ కర్ర, ఎంత ధర

అరకు లోయలో పిల్లాడి చేతికొచ్చే మొదటి బ్యాటు చాలాసార్లు దుకాణంలో కొన్నది కాదు, ఊళ్లో చెక్కించినది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పెనవేసుకున్న మిరియాల తీగలు దాటి పల్లంలోకి దిగితే, కోతలయ్యాక ఖాళీగా ఉన్న మడుల్లో టెన్నిస్ బంతితో ఆట సాగుతుంటుంది. ఆ ఆటలో కనిపించే బ్యాటును చేతిలోకి తీసుకుని చూస్తే పిడీ పలకా ఒకే చెక్క. అతుకు లేదు, రబ్బరు లేదు. పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది.

టెన్నిస్ బంతికి ఇది సరిపోతుంది. ఆ బంతి బరువు 58 గ్రాములకు అటూ ఇటూ. అసలు క్రికెట్ బంతి, అంటే తోలు బంతి, 156 నుంచి 163 గ్రాములు తూగుతుంది, పైగా రాయిలా గట్టిది. దాన్ని ఒకే చెక్కతో చేసిన బ్యాటుతో కొడితే అదురు నేరుగా మణికట్టుకు వస్తుంది. నాలుగు దెబ్బలకే చెక్క నార వెంట చీలుతుంది. అందుకే మండల కేంద్రంలోనో విశాఖపట్నంలోనో తోలు బంతితో ఆడబోయే పిల్లాడికి కొత్త బ్యాటు తప్పనిసరి. మొదటి కొనుగోలు ఇక్కడే మొదలవుతుంది.

తోలు బంతికి పనికొచ్చే కర్ర విల్లో ఒక్కటే. తేలికగా ఉంటుంది, దెబ్బకు పగలకుండా లోపలికి నొక్కుకుంటుంది. తయారీలో పలక ముఖాన్ని యంత్రంతో గట్టిగా ఒత్తుతారు. పైపొర బిగుస్తుంది, లోపలి పొర మెత్తగా, సాగే గుణంతో మిగులుతుంది. బంతి ఎగిరిపడేది ఈ రెండు పొరల వల్లే. పిడిని బెత్తంతో చేసి, మధ్యలో రబ్బరు పెట్టి, పలకలోకి V ఆకారంలో దిగేసి అతికిస్తారు. చేతికి వచ్చే అదురును చంపేది ఆ పిడి.

విల్లోలో రెండు రకాలు దొరుకుతాయి. ఇంగ్లిష్ విల్లో తెల్లగా ఉంటుంది, పలక మీద నిలువు గీతలు తిన్నగా, స్పష్టంగా దిగుతాయి. ఒక్కో గీత చెట్టు పెరిగిన ఒక్కో ఏడాది. కశ్మీర్ విల్లో కాస్త గోధుమ రంగు, గీతలు మసకగా, ఎడం సమానంగా లేకుండా ఉంటాయి. ఇది ఎక్కువగా అనంత్‌నాగ్ జిల్లాలోని సంగం చుట్టుపక్కల వర్క్‌షాపుల నుంచి వస్తుంది. ఒకే పరిమాణంలో కశ్మీర్ బ్యాటు కొంచెం బరువు, బంతి అంత చురుగ్గా పోదు. కానీ దెబ్బలు ఓర్చుకుంటుంది. షాటు ఇంకా కుదరని చేతికి ఈ ఓర్పే ముఖ్యం, ఎందుకంటే కొత్తవాడి బంతుల్లో సగం అంచుకో బొటనకో తగులుతాయి. బొటన అంటే బ్యాటు అడుగు కొస. ఇంగ్లిష్ విల్లో అక్కడే ముందు పగులుతుంది.

ధరల్లో తేడా ఇంకా పెద్దది. తోలు బంతికి తగిన కశ్మీర్ విల్లో బ్యాటు సుమారు రూ. 1,500 నుంచి 4,000 మధ్య దొరుకుతుంది. ఇంగ్లిష్ విల్లో రూ. 6,000 పైమాటే, మేలిరకం రూ. 50,000 కూడా దాటుతుంది. అడుగు ధరలో వచ్చే ఇంగ్లిష్ బ్యాటు కన్నా మంచి కశ్మీర్ బ్యాటే తొలి బ్యాటుగా మేలు.

మోసం జరిగేది మూడో కర్రతో. పాప్లర్ చెక్కను కశ్మీర్ విల్లో పేరుతో అమ్మడం మామూలే. సంతలోనూ ఆటవస్తువుల కొట్లలోనూ ఐదారు వందలకు వచ్చే బ్యాట్లు చాలావరకు ఇవే. పాప్లర్ పాలిపోయి ఉంటుంది, గీతలు దాదాపు కనిపించవు. టెన్నిస్ బంతికి ఫర్వాలేదు గానీ తోలు బంతికి నిలవదు. పలక ముఖమంతా రంగు కాగితమో మందమైన ఫైబర్ పొరో అంటించి ఉంటే కర్ర ఏదో తెలియదు. అలాంటిది వదిలేసి, గీతలు కనిపించే బ్యాటు అడగాలి. ఆ తర్వాత పిడి దిగిన V దగ్గర సందు ఉందా, దాన్ని లప్పం పెట్టి కప్పారా అని వేలితో తడిమి చూడాలి.

అరకు నుంచి విశాఖపట్నం ఘాట్ రోడ్డు మీదుగా దాదాపు 115 కిలోమీటర్లు. కొన్నాక మార్చుకోవడం తేలిక కాదు కాబట్టి కొలత దుకాణంలోనే తేల్చుకోవాలి. ఎనిమిదో తరగతి పిల్లాడు 5 అడుగుల 1 అంగుళం ఎత్తున్నాడు, ఇంట్లో రూ. 6,000 కూడబెట్టారు అనుకుందాం. ఆ ఎత్తుకు సైజు 6 సరిపోతుంది. రెండేళ్లు పనికొస్తుందని పెద్దల బ్యాటు కొనివ్వడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. బరువు ఆపలేక పిల్లాడు బ్యాటును తిన్నగా దించలేడు, అడ్డంగా ఊపడం అలవాటవుతుంది. పరీక్ష సులువే. పిడి పైభాగాన్ని పై చేత్తో మాత్రమే పట్టుకుని, బ్యాటును నడుము ఎత్తుకు లేపి కాసేపు ఆపాలి. మణికట్టు వణికితే అది అతనికి బరువే.

ఆ రూ. 6,000లో బ్యాటుకు రూ. 1,800 చాలు. ముందు కొనాల్సింది హెల్మెట్, సుమారు రూ. 1,500. నుదుటి అంచుకూ ఇనుప జాలీకీ మధ్య సందులోంచి బంతి దూరకూడదు. దుకాణంలోనే ఒక బంతి తెప్పించి ఆనించి చూడాలి. లోపల బీఎస్ 7928:2013 అనే ప్రమాణం ముద్ర ఉంటే నమ్మకం. తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. ఒకసారి బంతి గట్టిగా తగిలాక పైకి బాగున్నట్టు కనిపించినా మార్చేయాలి. ఎవరో వాడి వదిలేసిన హెల్మెట్ తీసుకోకపోవడానికి కారణం ఇదే. ప్యాడ్లు మాత్రం పాతవైనా ఫర్వాలేదు.

లోపల తొడుక్కునే గార్డుకు రూ. 150 సరిపోతుంది. ఇంత తక్కువ ఖరీదుది లేకుండా తోలు బంతి ముందు ఒక్క బంతికైనా నిలబడకూడదు. ప్యాడ్లు సుమారు రూ. 900. వాటి మధ్య ఉబ్బు సరిగ్గా మోకాలి చిప్ప మీదికి రావాలి, కిందికి జారితే పరుగులో కాలికి అడ్డుపడుతుంది. గ్లవ్స్ రూ. 600. ఎడమచేతి వాటం పిల్లాడికి వేరే జత కావాలి, ఎందుకంటే కింది చేతి బొటనవేలికే అదనపు రక్ష ఉంటుంది. తొడ ప్యాడుకు రూ. 400. అన్నీ కలిపి రూ. 5,350. మిగిలిన రూ. 650తో పచ్చి అవిసె నూనె, కొయ్య సుత్తి, పాత తోలు బంతి వస్తాయి. ఈ మూడూ లేకుండా కొత్త బ్యాటు వాడకూడదు.

బ్యాటు ముఖానికి, అంచులకు, బొటనకు నూనె పలచగా రాసి, పడుకోబెట్టి ఒక రోజు ఆరనివ్వాలి. ఇలా రెండు మూడుసార్లు చాలు. నూనె ఎక్కువైతే కర్ర నాని బరువెక్కుతుంది. పిడికి, V అతుకుకు నూనె తగిలితే జిగురు వదులుతుంది. ఆరాక సుత్తితో మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా తట్టాలి. అంచులను ఏటవాలుగా తట్టి కొద్దిగా గుండ్రం చేయాలి. రోజుకు అరగంట చొప్పున మొత్తం ఐదారు గంటలు పడుతుంది. లోయలో వానలు, మంచు ఎక్కువ. తడి నేల మీద నిలబెడితే బొటన నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆపై ఒక యార్కర్‌కే చీలుతుంది. కాబట్టి బొటనకు రబ్బరు అంటించి, ఆట అయ్యాక తుడిచి, పొయ్యికి దూరంగా గాలాడే చోట పెట్టాలి.

తట్టడం పూర్తయిందా లేదా అన్నది పాత బంతి చెబుతుంది. ఎవరైనా మెల్లగా విసిరితే కొన్ని బంతులు ఆడి ముఖాన్ని చూడాలి. కుట్టు గుర్తులు లోతుగా దిగితే బ్యాటును మళ్లీ సుత్తి కిందికి తీసుకెళ్లి ఇంకో గంట తట్టాలి.