ఓడ వస్తోందని నావికుడు చెప్పాడు

మా అమ్మాయి లాటిన్ చదువుతోందని చెబితే ఇక్కడి స్నేహితులందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎందుకండీ?" దానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. పర్సీ జాక్సన్ పుస్తకాలు చదివీ చదివీ తనే కావాలంది. స్కూల్లో ఆ సబ్జెక్టు లేదు కాబట్టి శనివారం పొద్దున్న ఆన్‌లైన్‌లో ఒక టీచరుగారు చెబుతారు. మేముండేది అల్ ఘర్రాఫాలో, కాంపౌండ్ విల్లాలో. క్లాసు జరిగేది డైనింగ్ టేబుల్ దగ్గర, అంటే నేను పప్పుకి తాలింపు పెట్టే చోటికి నాలుగడుగుల దూరంలో. కాబట్టి పాఠం సగం నా చెవిన కూడా పడుతుంది.

నాకు తెలిసిన లాటిన్ అంతా భీమవరంలో బీజెడ్‌సీ చదివినప్పటి మొక్కల పేర్లే. కొత్త మొక్కకి పేరు పెట్టాలంటే దాని వర్ణన లాటిన్‌లో ఉండి తీరాలని 2011 చివరిదాకా రూలుండేది. 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా సరిపోతోంది. ఆ వర్ణనల్లో ఆకులు, పూలు, కాయలు ఉంటాయి కానీ క్రియలు దాదాపు ఉండవు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనరు. ఈ ఏడాది పిల్లకొచ్చిన పాఠం సరిగ్గా దాని గురించే: ఒకరన్న మాటని ఇంకొకరు చెప్పడం ఎలా?

తెలుగులో మనకి "అని" ఉంది. "ఓడ వస్తోంది" అన్న వాక్యానికి "అని" తగిలించి "చెప్పాడు" అంటే పని అయిపోతుంది. పాత లాటిన్‌లో ఈ పనికి "అని" లాంటి మాట లేదు. వాళ్లు రెండు మార్పులు చేస్తారు. లోపలి వాక్యంలో కర్తని ద్వితీయా విభక్తిలో పెడతారు. మనం బళ్లో "నిన్, నున్, లన్, కూర్చి, గురించి" అని వల్లించామే, అదే. ఇక లోపలి క్రియని ఇన్ఫినిటివ్‌గా, అంటే ఎవరు చేశారో చెప్పే ప్రత్యయం లేకుండా, "రావడం" లాంటి రూపంలో పెడతారు. "నౌత దీకిత్ నావెమ్ వెనీరె." మాటకి మాట చూస్తే "నావికుడు చెబుతున్నాడు, ఓడని రావడం." (నౌత అంటే నావికుడు, నావెమ్ అంటే నావని. ఆ మాటలు మనకి చుట్టాలే.)

"ఓడని రావడం ఏంటమ్మా, అసలు అర్థముందా?" అంది పిల్ల. నాకు మాత్రం అది అంత వింతగా అనిపించలేదు. మనం "నిన్ను తెలివైనదానివనుకున్నాను" అంటాం కదా. తెలివైనది నువ్వు, అయినా వాక్యంలో "నిన్ను" అయింది. లాటిన్ వాళ్లు ఆ "నిన్ను"నే అన్ని చోట్లా వాడారు, అంతే.

చిక్కు కర్తతో కాదు, కాలంతో వస్తుంది. ఇన్ఫినిటివ్‌కి మూడు కాలాలున్నాయి. వెనీరె, రావడం. వేనిస్సె, వచ్చేసి ఉండడం. వెంతూరమ్ ఎస్సె, రాబోతూ ఉండడం. ఈ మూడూ మనం ఉన్న ఈ క్షణం నుంచి లెక్కపెట్టే కాలాలు కావు. "చెప్పాడు" అన్న క్షణం నుంచి లెక్కపెట్టాలి. చెప్పేటప్పుడే జరుగుతుంటే వెనీరె. చెప్పేసరికే అయిపోయి ఉంటే వేనిస్సె. చెప్పాక జరగాల్సింది అయితే వెంతూరమ్ ఎస్సె. చెప్పడం ఇవాళ జరిగినా రెండువేల ఏళ్ల కిందట జరిగినా ఈ మూడూ మారవు.

ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు ఇక్కడే జారతారు. "నావికుడు చెబుతున్నాడు" అంటే ఇంగ్లీషులో ఓడకి "ఈజ్ కమింగ్". "నావికుడు చెప్పాడు" అనగానే అదే ఓడకి "వాజ్ కమింగ్". వచ్చేసిన ఓడ "హ్యాజ్ కమ్" నుంచి "హ్యాడ్ కమ్"కి, రాబోయే ఓడ "విల్ కమ్" నుంచి "వుడ్ కమ్"కి వెనక్కి జరుగుతాయి. లాటిన్‌లో మూడు రూపాలైతే ఇంగ్లీషులో ఆరు. మా అమ్మాయి "దీక్సిత్", అంటే "చెప్పాడు", అని చూసి, పక్కన వెనీరె వర్తమానం కదా అని "ది సెయిలర్ సెడ్ ద షిప్ ఈజ్ కమింగ్" అని రాసేది. టీచరుగారు కొట్టేసేవారు. తర్వాత వారం భయపడి అన్నిటికీ "హ్యాడ్" పెట్టేది. అవీ కొట్టేసేవారు.

ఒక శనివారం నేను స్టవ్ ఆపి వచ్చి కూర్చున్నాను. "ఇంగ్లీషు వద్దు. తెలుగులో చెప్పు. నావికుడు నీ ఎదురుగా నిలబడి ఏమన్నాడు?"

"ఓడ వస్తోంది అన్నాడు."

"నిన్న అన్నాడనుకో, అప్పుడు?"

కాసేపు ఆలోచించింది. "ఓడ వస్తోందని చెప్పాడు... అదేంటి, మారలేదే!"

మారదు. నిన్న చెప్పినా, పోయినేడు చెప్పినా మనం "వస్తోందని చెప్పాడు" అంటాం, "వచ్చిందని చెప్పాడు" అంటాం, "వస్తుందని చెప్పాడు" అంటాం. అన్నవాడి నోట్లోని కాలం అలాగే ఉంటుంది. వెనీరె, వేనిస్సె, వెంతూరమ్ ఎస్సె అచ్చంగా అవే. అందుకే ఆ రోజు నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాం. లాటిన్ వాక్యం ముందు తెలుగులోకి వస్తుంది, ఇంగ్లీషు తర్వాత. తెలుగులో ఎటూ సరిగ్గా వస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు మాత్రం పైన ఉన్నది "చెబుతున్నాడా", "చెప్పాడా" అని ఒక్కసారి చూసుకుని, చెప్పాడు అయితే ఒక మెట్టు వెనక్కి దింపాలి.

ఇంకో విషయం, ఇది కూర ఉప్పు చూసినంత చిన్నది కానీ నాకు భలే నచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వెనీరె, వేనిస్సె రెంటికీ మొదటి అచ్చు ఒకేలా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో తేడా చూపించడానికి దీర్ఘం మీద చిన్న గీత పెడతారు. మనకి ఎ, ఏ వేరే అక్షరాలు కదా, తెలుగులో రాసుకుంటే ఆ గీత అవసరమే లేదు. "వెనిత్" అంటే వస్తున్నాడు, "వేనిత్" అంటే వచ్చాడు. పిల్ల నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాలు కనిపించడం చాన్నాళ్ల తర్వాత అదే మొదలు.

కాలం సంగతి పరీక్షకే కాదు, ఇంటికీ పనికొచ్చిన రోజొకటుంది. మా నాన్నగారికి ఒంట్లో బాగోలేనప్పుడు చెల్లెలు రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టింది. దోహాకీ ఇండియాకీ రెండున్నర గంటల తేడా, నేను విన్నది పొద్దున్న. "తాతయ్యకి సెలైన్ ఎక్కిస్తున్నారని పిన్ని చెప్పింది" అన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది. "ఇంకా ఎక్కిస్తున్నారా?" నిజానికి ఆ వాక్యంలో దానికి జవాబు లేదు. పిన్ని మాట్లాడే వేళకి సెలైన్ ఎక్కుతోంది, అంతవరకే. ఇంగ్లీషులో "వాజ్" అని ఉంటే అయిపోయిందేమో అని తనకి ధైర్యం వచ్చేది, అదీ తప్పే. లాటిన్ వెనీరె కూడా ఇంతే, ఇప్పటి సంగతి ఏమీ చెప్పదు. ఫోన్ చేశాం. అప్పటికి నాన్నగారు లేచి కాఫీ అడుగుతున్నారట.

తెలుగు అన్ని చోట్లా ఆదుకుంటుందని కాదు. మన "వస్తాడు" రోజూ వచ్చేవాడికీ, రేపు రాబోయేవాడికీ ఒకటే. "పాలవాడు వస్తాడని చెప్పింది" అంటే రోజూనా, రేపా? రోజూ అయితే లాటిన్‌లో వెనీరె, రేపైతే వెంతూరుమ్ ఎస్సె. (ఓడ స్త్రీలింగం కాబట్టి వెంతూరమ్, మగవాడైతే వెంతూరుమ్.) ఇలాంటి చోట వెనక్కి వెళ్లి లాటిన్ రూపాన్నే చూసుకోవాలి.

మాటివ్వడం దగ్గర మాత్రం తెలుగుదే పైచేయి. ఇంగ్లీషులో "ప్రామిస్డ్ టు కమ్" అంటారు కాబట్టి పిల్లలు వెనీరె పెట్టేస్తారు. మాటిచ్చింది రాబోయే దాని గురించి కదా. "ప్రోమీసిత్ సే వెంతూరుమ్ ఎస్సె." వస్తానని మాటిచ్చాడు. మనం ఎటూ "వస్తానని" అనే అంటాం. ఆ "సే" మన "తాను". చెప్పినవాడే వచ్చేవాడైతే "సే", వేరే ఎవరో అయితే "ఎఉమ్", అంటే అతన్ని. తాను వస్తానని చెప్పాడు, అతను వస్తాడని చెప్పాడు. ఇంగ్లీషులో రెండూ "హీ"యే, ఎవరు వచ్చేది అని అడగాల్సిందే.

అన్నిటికంటే పెద్ద గొయ్యి "ఎస్సె" అనే మాట. విడిగా దాని అర్థం "ఉండడం", వర్తమానం. అందుకని "నావెమ్ ఫ్రాక్తమ్ ఎస్సె" చూడగానే ఓడ "పగిలి ఉంది" అనిపిస్తుంది. కానీ ఆ రెండు మాటలూ కలిపి ఒకే క్రియ, జరిగిపోయినది: ఓడ పగిలిపోయిందని. అప్పుడే పగులుతోందని చెప్పాలంటే "ఫ్రంగీ" అని ఒకే మాట వాడతారు. ఒడ్డున నిలబడి వింటున్నవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు, పడవలు వేసుకుని వెళ్లి మనుషుల్ని కాపాడొచ్చా లేదా అన్నది అందులోనే ఉంది. పైగా రోమన్లు ఈ ఎస్సెని తరచూ వదిలేస్తారు.

పోయిన నెల టీచరుగారు జూలియస్ సీజర్ రాసిన గాల్ యుద్ధాల పుస్తకం నుంచి ఒక భాగం ఇచ్చారు. క్రీస్తుపూర్వం 58లో జర్మన్ల రాజు అరియోవిస్టస్ సీజర్‌తో మాట్లాడిన సందర్భం. రాజు సీజర్ అడిగినవాటికి క్లుప్తంగా జవాబిచ్చి తన గొప్పలు మాత్రం చాలా చెప్పుకున్నాడని సీజర్ దెప్పుతాడు. తర్వాత "చెప్పాడు" అని మళ్లీ మళ్లీ అనకుండా ఆ ప్రసంగమంతా ఇలాంటి వాక్యాల్లోనే నడుస్తుంది. పిల్ల పెన్సిల్ తీసుకుని ప్రతి ఇన్ఫినిటివ్ పైనా ఆ రాజు నోటి మాటగా తెలుగులో రాసుకుంటూ వెళ్లింది. రైన్ నది దాటిన సంగతి దగ్గర "త్రాన్సీస్సె" మీద "దాటాను" అని రాసింది. చివర్లో సీజర్ సైన్యాన్ని తీసుకుని వెళ్లకపోతే ఏమవుతుందో చెప్పే చోట "హబితూరుమ్" ఒక్కటే ఉంది, పక్కన ఎస్సె లేదు. వాక్యం చివరిదాకా వేలు పెట్టి వెతికింది, దొరకలేదు. తర్వాత దాని పైన "శత్రువుగానే చూస్తాను" అని రాసి, కింద ఇంగ్లీషులో "వుడ్" పెట్టుకుంది.