మూడు బోర్డులు, ముప్పై రోజులు

గూగుల్ జామ్‌బోర్డ్ ఆగిపోతుందని 2023 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి అందులో చూడటమే తప్ప రాయడం కుదరదని, డిసెంబరు 31తో పూర్తిగా మూతపడుతుందని చెప్పారు. కరోనా కాలంలో దాన్ని నమ్ముకుని ఆన్‌లైన్ ట్యూషన్ మొదలుపెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉండేది సంగంలో. పిల్లలు ఆత్మకూరు నుంచి, ఉదయగిరి వైపు ఊళ్ల నుంచి ఫోన్లలోనే క్లాసుకు వస్తారు. పదో తరగతి లెక్కలు, ఇంటర్ రెండేళ్ల ఫిజిక్స్ చెబుతాను.

గడువుకు ముందే ఇంకో వైట్‌బోర్డు వెతుక్కున్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం, తప్పు నాది కాబట్టి. ఉచిత ప్లాన్ల తీరు చాలాచోట్ల ఒకటే. మీరోలో ఉచిత ఖాతాకు రాయడానికి వీలున్న బోర్డులు మూడే. ఎక్కువ తెరిస్తే మిగతావి చూడటానికే పరిమితమవుతాయి. ఈ లెక్క మనిషికి కాదు, టీముకు. అంటే పదిమంది కలిసి చేరినా మూడు మూడే. నేను ఎంచుకున్నదానిలోనూ మూడే. నాకున్నవీ మూడు బ్యాచులే గనుక సరిపోతుందనుకున్నాను.

సరిపోలేదు. ఇంటర్‌లో పాఠానికో బోర్డు అలవాటు నాది. అందుకే, ఇంటర్ రెండో ఏడాది పాఠాలకు బోర్డులు మిగిలేలా పదో తరగతినీ, ఇంటర్ మొదటి ఏడాదినీ ఒకే పెద్ద బోర్డులోకి తెచ్చి, ఎడమ సగం ఒకరికి, కుడి సగం ఒకరికి ఇచ్చాను. బోర్డుకు అంచులుండవు కాబట్టి చోటుకు కొదవ లేదు. మూడు బోర్డుల పరిమితిని తెలివిగా దాటేశాననిపించింది. నిజానికి ఒక పరిమితి తప్పించుకోబోయి మరో రెండింటిని నెత్తికెత్తుకున్నాను.

మొదటిది ఎడిటర్ల సంగతి. లింకు పంపేటప్పుడు చూడటానికా, మార్చడానికా అని అడుగుతుంది. క్లాసులో ఎవరో ఒకరు వచ్చి లెక్క చేయాలి కదా అని అందరికీ మార్చే హక్కు ఇచ్చేశాను. రెండు బ్యాచుల పిల్లలూ ఒకే బోర్డులో ఎడిటర్లు. ఫోను తెర చిన్నది. బోర్డు జరుపుదామని వేలు పెడితే ఒక్కోసారి బోర్డుకు బదులు గీసిన బొమ్మే జరుగుతుంది. ఏదైనా ఎంపికై ఉండగా చేయి పొరపాటున డిలీట్ మీద పడినా అంతే. నేను అన్‌డూ నొక్కినా లాభం లేదు, అది నేను చేసిన మార్పుల్నే వెనక్కి తీసుకుంటుంది. బొమ్మలకు లాక్ వేశాను. ఎడిటరైన వాడు ఎవడైనా ఆ లాకు తీయగలడని తర్వాత తెలిసింది.

ఒక సాయంత్రం ఇంటర్ పిల్లల వైపు ఒక పేజీ పోయింది. వెర్షన్ హిస్టరీ తెరిచి ముందురోజు రాత్రి నాటి కాపీని రిస్టోర్ చేశాను. పేజీ వచ్చింది. కానీ ఆ పొద్దున పదో తరగతి వాళ్లు రాసిన జవాబులు పోయాయి. రిస్టోర్ అంటే బోర్డు మొత్తం ఆ క్షణానికి వెళ్లడం. మనకు కావలసిన మూలకు మాత్రమే వెళ్లడం కాదు. మళ్లీ తాజా వెర్షన్‌కు వచ్చి, పాతదాన్ని విడి బోర్డుగా తీసి, అందులోంచి ఒక్క పేజీ కాపీ చేసి అతికించాలి. ఆ విడి బోర్డుకు చోటెక్కడ? అది నాలుగోది! నా ఖాతాలో ఒక బోర్డు తీసేస్తే గాని దాన్ని తెరిచి రాయలేను. ఒకే బ్యాచు ఉన్న బోర్డయితే ఈ తంతంతా ఒక్క రిస్టోర్‌తో తీరేది.

రెండోది హిస్టరీ ఎన్నాళ్లుంటుందన్నది. అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. నవంబరులో త్రికోణమితి అనువర్తనాలు చెప్పేటప్పుడు ఉదయగిరి దుర్గం కొండ బొమ్మ వేశాను. ఒకచోట నిలబడి చూస్తే శిఖరం 30 డిగ్రీల కోణంలో, కొండ వైపు 100 మీటర్లు నడిచాక 45 డిగ్రీల్లో కనిపిస్తుంది, ఎత్తెంత? జవాబు 50(√3+1), దాదాపు 136.6 మీటర్లు. లెక్క కోసం వేసుకున్న సంఖ్యలవి, నిజం కొండతో పని లేదు. రెండు త్రిభుజాలూ రెండు రంగుల్లో గీసి, ఒక్కో మెట్టు పక్కన పిల్లలు అడిగిన సందేహమూ రాసి పెట్టాను. ఫిబ్రవరిలో రివిజన్ మొదలెట్టగానే ఒకమ్మాయి అంది, "సార్, కొండ బొమ్మ కనపడలా!"

వెతికాను. మెట్లున్నాయి, బొమ్మ లేదు. హిస్టరీ తెరిస్తే ముప్పై రోజుల జాబితానే ఉంది. జనవరిలోని అన్నిటికంటే పాత వెర్షన్ నొక్కాను. అందులోనూ బొమ్మ లేదు. అంటే అది పోయింది అంతకు ముందే. ఏ రోజు, ఎవరి చేతిలో పోయిందో చెప్పే జాబితా కూడా చెరిగిపోయింది. ఫిగ్‌జామ్ లాంటివాటిలోనూ ఉచిత ప్లానుకు హిస్టరీ ముప్పై రోజులే, డబ్బు కట్టిన ప్లానుకైతే అపరిమితం. ప్లాన్ ఎంచుకునే రోజు ఆ అంకె చూసి నెల చాలనుకున్నాను. తప్పు జరిగాక ఎన్నాళ్లకు మన కంట పడుతుంది అన్నది నేను వేసుకోని లెక్క. నవంబరు పాఠాన్ని ఫిబ్రవరిలో తెరిచే పనికి ముప్పై రోజుల హిస్టరీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇప్పుడు పద్ధతి మార్చాను. పాఠాల బోర్డు పదో తరగతికొకటి, ఇంటర్‌కొకటి. వాటిలో రాసేది నేనొక్కడినే, పిల్లలందరికీ చూసే లింకే. చూసేవాళ్లకూ నేను రాస్తుండగానే తెర మీద కనిపిస్తుంది కాబట్టి క్లాసుకు లోటేమీ రాలేదు. మూడోది సాధన బోర్డు, అక్కడ అందరూ ఎడిటర్లే. వారం కాగానే తుడిచేస్తాను గనుక అందులో పోయిందానికి బెంగ లేదు. ఇంటర్‌లో పాఠానికో బోర్డు అలవాటు మానేశాను. పాఠం అవగానే రెండు రకాలుగా దాస్తాను. పీడీఎఫ్ పిల్లలకు వాట్సాప్‌లో వెళుతుంది. కానీ పీడీఎఫ్‌లోంచి త్రిభుజాన్ని తీసి మళ్లీ కదిలించలేం. అందుకని బోర్డు సొంత ఫార్మాట్‌లో కాపీ దింపుకునే వీలుంటే అది నా కంప్యూటర్‌లోకి వెళుతుంది. ఫిగ్‌జామ్‌లో అయితే అది `.jam` ఫైలు. నెలాఖరున అలాంటి ఒక ఫైలు నిజంగా తెరిచి చూస్తాను, తెరుచుకోని కాపీ కాపీ కాదు.

డబ్బు కట్టే ప్లానుకు మారాలా అన్న ప్రశ్న కూడా ఈ అమరికతో తేలికైంది. చాలా సంస్థలు సొమ్ము లెక్కగట్టేది ఎడిటర్ల తలలను బట్టి, చూసేవాళ్లు ఉచితం. అందరూ ఎడిటర్లుగా ఉన్న పాత పద్ధతిలో మారి ఉంటే క్లాసు మొత్తానికి సీట్లు కొనాల్సి వచ్చేది. ఇప్పుడైతే సాధన బోర్డును ఉచిత ఖాతాలోనే ఉంచి, పాఠాలకు నా ఒక్క సీటు కొనుక్కుంటే చాలు. ట్యూషన్ చెప్పే మిత్రులు ఏ ప్లాన్ మంచిదని అడిగితే బోర్డులెన్ని కావాలని నేనడగను. రాసే చేతులెన్ని, రాసింది మళ్లీ ఎప్పుడు తెరుస్తావు అని అడుగుతాను. ఈ రెండూ తేలితే బోర్డుల లెక్క దానంతటదే తేలుతుంది.