బాబాయ్‌కి బీమా కాగితం చదివి వినిపించాను

నిరుడు డిసెంబర్‌లో మా బాబాయ్ రెండెకరాల్లో ఒక ఎకరం వరి కోసి, పనలు ఆరడానికి చేలోనే వదిలాడు. రెండో రోజు రాత్రి వాన పట్టుకుంది. పంట బీమా కట్టాడు కాబట్టి ధీమాగానే ఉన్నాడు. ఎవరో ఒకరు వచ్చి చూసి రాసుకుని వెళ్తారని ఎదురుచూశాడు. ఐదో రోజున నాకు ఫోన్ చేస్తే, ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపమన్నాను. అందులో ఒక లైను చదివి నా గొంతులో వెలక్కాయ పడింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా మనమే చెప్పాలట. అప్పటికే గడువు దాటిపోయింది.

ఈసారి ఖరీఫ్‌కి ముందు ఇంటికెళ్లినప్పుడు ఆ డాక్యుమెంట్ ముందేసుకుని అరుగు మీద కూర్చున్నాం. ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద డాక్యుమెంట్లు చదువుతుంటాను. కానీ మా బాబాయ్ అడిగినన్ని ప్రశ్నలు మా మేనేజర్ కూడా అడగడు.

"ముందు డబ్బు సంగతి చెప్పరా" అన్నాడు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్ నుంచి ఉంది. ఖరీఫ్‌లో వరి లాంటి పంటకి రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం మించకూడదు. రబీలో 1.5 శాతం. వాణిజ్య, ఉద్యాన పంటలకైతే 5 శాతం. మిగతా ప్రీమియం కేంద్రం, రాష్ట్రం కడతాయి. లెక్క సులువుగా ఉండాలని ఎకరాకి బీమా మొత్తం 40,000 అనుకున్నాం. రెండెకరాలకి 80,000. అందులో 2 శాతం అంటే బాబాయ్ జేబులోంచి పోయేది 1,600.

"అంటే పంట మొత్తం పోతే 80 వేలు ఇస్తారన్నమాట."

"అక్కడే ఉంది బాబాయ్ మెలిక. ఇందులో రెండు రకాల నష్టాలున్నాయి. రెండింటి లెక్కా వేరు."

మొదటిది ఊరందరికీ కలిపి చూసే నష్టం. కరువొచ్చినా, తెగులొచ్చినా, దిగుబడి పడిపోయినా ఇందులోకే వస్తుంది. దీనికి మనం ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. ఊళ్లో కొన్ని చేలను ఎంచుకుని అధికారులు పంట కోత ప్రయోగాలు చేస్తారు. పాత ఏళ్ల దిగుబడుల నుంచి ముందే లెక్కగట్టిన హామీ దిగుబడి ఒకటి ఉంటుంది. అది ఎకరాకి 20 క్వింటాళ్లు అనుకుంటే, ఈసారి ఊరి సగటు 15 వచ్చిందనుకుందాం. తగ్గింది నాలుగో వంతు. అప్పుడు బాబాయ్‌కి 80,000లో నాలుగో వంతు, అంటే 20,000 వస్తుంది. ఆయన చేలో 10 క్వింటాళ్లే పండినా అంతే. ఊరి సగటు 20 దాటితే ఆయన చేను ఎండిపోయినా ఈ లెక్కలో పైసా రాదు.

"ఇదెక్కడి న్యాయంరా? నా చేనుకి నేను కట్టాను, ఊరికి కాదుగా" అన్నాడు. ప్రతి రైతు చేనూ కొలవడం కుదరదని ఇలా పెట్టారని చెప్పాను. ఆయనకి నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు.

రెండోది మన ఒక్క చేనుకి జరిగే నష్టం. వడగళ్లు పడటం, కొండచరియలు విరిగిపడటం, కుంభవృష్టి, పిడుగుపాటుతో మంటలు ఇందులో ఉన్నాయి. నిలబడి ఉన్న చేలోకి నీళ్లు చేరి పాడవడం కూడా ఉంది కానీ, 2018లో వరిని అందులోంచి తీసేశారు. డెల్టాలో ఉన్న మాకు కావాల్సిందే అది! 2026 ఖరీఫ్ నుంచి వరి మునకని మళ్లీ చేరుస్తామని కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. మన జిల్లా నోటిఫికేషన్‌లో ఆ ముక్క ఉందో లేదో డబ్బు కట్టే ముందే అడగమన్నాను.

బాబాయ్‌కి నిరుడు జరిగింది కూడా ఈ రెండో రకమే. కోత తర్వాత నష్టం. కోసిన రోజు నుంచి 14 రోజుల వరకూ, ఆరడానికి చేలో పరిచిన పంట లేదా చిన్న చిన్న కట్టలు తుపాను వల్లో అకాల వర్షం వల్లో తడిసి పాడైతే వర్తిస్తుంది. ఆ 72 గంటల నిబంధన ఈ రెండో రకానికే. ఆదివారమైనా పండగైనా గడియారం ఆగదు. శుక్రవారం రాత్రి పది గంటలకి వాన పడితే సోమవారం రాత్రి పది దాకానే టైము.

"నిరుడు ఊరంతా తడిసింది కదరా, వాళ్లకే తెలుస్తుంది అనుకున్నా." ఆయన పొరపాటంతా ఆ ఒక్క మాటలో ఉంది. మొదటి రకానికి చెల్లే అలవాటుని రెండో రకానికి వాడాడు.

ఎలా చెప్పాలో ఆయన ఫోన్‌లోనే చూపించాను. 14447కి ఫోన్ చేయొచ్చు. లేదా `Crop Insurance` యాప్ తెరిచి `Crop Loss Intimation`లోకి వెళ్లి, దరఖాస్తు నంబర్, నష్టం ఏంటి, ఏ తేదీన, పంట ఏ దశలో ఉంది అన్నవి నింపాలి. చేలో నిలబడే ఫొటో తీసి పెట్టాలి. చివర్లో ఒక డాకెట్ నంబర్ వస్తుంది. అది రాకపోతే మనం చెప్పినట్టు కాదు. నోటితో ఎవరికో చెప్పి ఊరుకోవద్దన్నాను.

ఆ తర్వాత 48 గంటల్లో సర్వేకి మనిషిని నియమించాలి. పది రోజుల్లో నష్టం అంచనా పూర్తవ్వాలి. ఆ రిపోర్టు వచ్చాక 15 రోజుల్లో డబ్బు పడాలి. కాగితం మీద లెక్క ఇది. ప్రభుత్వాల వాటా ప్రీమియం కంపెనీకి చేరడం ఆలస్యమైతే ఇదీ ఆలస్యమవుతుంది. బాబాయ్ కోసిన ఎకరంలో సగం పోయిందని తేలితే, ఆ ఎకరం 40,000లో సగం, అంటే 20,000 రావాలి. నిరుడు ఆయన అసలు అడగలేకపోయిన సొమ్ము ఇంచుమించు ఇదే.

రసీదు కూడా తీసి చూశాను. సర్వే నంబర్లో ఒక అంకె తేడాగా ఉంది. గడువులోపు ఫోన్ చేసి ఉన్నా, సర్వేకి వచ్చినాయన వేరే వాళ్ల చేను దగ్గర నిలబడేవాడు. ఈసారి డబ్బు కట్టిన రోజే సర్వే నంబరు, పంట పేరు, ఎకరాలు పాస్‌బుక్‌తోనూ ఈ-పంట నమోదుతోనూ పోల్చి చూడమన్నాను. బ్యాంకులో పంట రుణం ఉన్నా సరే, బీమా కట్టారో లేదో రసీదు అడగాల్సిందే. 2020 నుంచి రుణం ఉన్నవాళ్లకీ ఇది తప్పనిసరి కాదు.

అన్నీ విన్నాక బాబాయ్ నిదానంగా అడిగాడు. "తుపాను వస్తుందని టీవీలో చెప్తే మేం పరుగెత్తి కుప్ప వేస్తాం. కుప్పకి ఇది వర్తిస్తుందా?"

మళ్లీ చదివాను. పరిచిన పంట, చిన్న కట్టలు అనే ఉంది. కుప్ప లేదు. మెషిన్‌తో కోసి కళ్లంలో పోసిన ధాన్యమూ లేదు.

"అంటే చేలో వదిలేస్తే డబ్బొస్తుంది, కాపాడుకుంటే రాదు."

"కుప్ప వేసెయ్యి బాబాయ్. చేతిలో ఉన్న పంట మొత్తం నీదే. బీమా ఇచ్చేది వాళ్లు తేల్చినంతే. కుప్ప వేయడానికి టైము దొరకని రోజు కోసం ఆ 1,600 అనుకో."

ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి స్కెచ్ పెన్ తెచ్చి, దేవుడి గూడు పక్కన వేలాడే క్యాలెండర్ మీద పెద్దక్షరాలతో రాశాడు: 14447, మూడు రోజులు. దాని కింద సరిచేయించాల్సిన సర్వే నంబర్ కూడా.